విమానం దిగాక మొరాయించే ట్రావెల్ ఈసిమ్

ఈసిమ్ అంటే ఫోన్‌లో దూర్చే కార్డు కాదు. ఫోన్ తయారయ్యేటప్పుడే లోపల బిగించిన చిన్న చిప్పు. మామూలు సిమ్ కార్డులో కంపెనీ ముందే రాసి ఇచ్చే వివరాలేవీ ఈ చిప్పులో మొదట ఉండవు. చందాదారు గుర్తింపు సంఖ్య, ఆ చందాదారు అసలువాడేనని నెట్‌వర్క్ నిర్ధారించుకునే రహస్య సంకేతం, ఏ నెట్‌వర్కులను వెతుక్కోవాలో చెప్పే జాబితా, ఇవన్నీ కలిపి ఒక ప్రొఫైల్. ఆ ప్రొఫైల్ ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి ఇంటర్నెట్ మీదుగా ఫోన్‌లోకి దిగాలి. దిగేదాకా ఆ చిప్పు ఏ నెట్‌వర్కుకూ చెందనిదే.

విదేశాలకు వెళ్ళేవారికి అమ్మే ట్రావెల్ ఈసిమ్‌తో చిక్కంతా ఇక్కడే ఉంది. కొన్నవారి చేతికి వచ్చేది ప్రొఫైల్ కాదు, దాన్ని తెచ్చుకోవడానికి ఒక క్యూఆర్ కోడ్. డబ్బు కట్టేశారు, మెయిల్‌లో కోడ్ వచ్చింది, కనుక సిమ్ ఫోన్‌లో ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. పరాయి దేశంలో విమానం దిగి, కోడ్ స్కాన్ చేస్తే ఫోన్ ఇంటర్నెట్ అడుగుతుంది. ఆ ఇంటర్నెట్ కోసమే కదా ఈసిమ్ కొన్నది! పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదన్న సామెత సరిగ్గా ఇలాంటి చోటే పుట్టి ఉంటుంది.

క్యూఆర్ కోడ్ లోపల నిజానికి ఉండేది ఒక చిన్న వాక్యం. దాన్ని విప్పితే ఇలా కనిపిస్తుంది:

```
LPA:1$smdp.example.com$K2-1ABCDE-2FGHIJK
```

డాలర్ గుర్తులు దీన్ని ముక్కలు చేస్తాయి. మధ్యలో ఉన్నది ప్రొఫైల్ దాచి ఉంచిన సర్వర్ చిరునామా. చివరిది ఆ సర్వర్‌లో ఈ కొనుగోలుదారు కోసం పక్కన పెట్టిన ప్రొఫైల్ ఏదో చెప్పే కోడ్. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఫోన్ నంబరు లేదు, రహస్య సంకేతం లేదు, టవర్ల జాబితా లేదు. కోడ్ అంటే సరుకు కాదు, గోదాము చిరునామా, టోకెన్ నంబరు అంతే.

కోడ్ స్కాన్ చేయగానే ఫోన్ ఆ సర్వర్‌ను పలకరిస్తుంది. సర్వర్, చిప్పు ఒకరి ధ్రువపత్రం ఒకరు తనిఖీ చేసుకుంటాయి. ప్రతి ఈసిమ్ చిప్పుకూ ఈఐడీ అనే 32 అంకెల సంఖ్య ఉంటుంది. డయలర్‌లో *#06# నొక్కితే ఐఎంఈఐ పక్కన అది కూడా కనిపిస్తుంది. కనిపించకపోతే ఆ ఫోన్‌లో ఈసిమ్ సదుపాయం లేదేమోనని అనుమానించాలి. సర్వర్ ఆ చిప్పును గుర్తుపట్టాక, ప్రొఫైల్‌ను ఆ ఒక్క చిప్పు మాత్రమే విప్పగలిగేలా సంకేతాల్లో మూసి పంపుతుంది. దారిలో ఎవరు పట్టుకున్నా పనికిరాదు, ఇంకో ఫోన్‌లో వేసినా తెరుచుకోదు. మొబైల్ కంపెనీల అంతర్జాతీయ సంఘం జీఎస్ఎంఏ 2016లో మామూలు ఫోన్ల కోసం రూపొందించిన పద్ధతి ఇది. ఒకే సిమ్‌కు దొంగ నకళ్ళు పుట్టకుండా ఇంత పకడ్బందీగా చేశారు.

అంత భద్రత ఉండాలంటే సర్వర్, చిప్పు అప్పటికప్పుడు మాట్లాడుకోక తప్పదు. అందుకే ప్రొఫైల్‌ను ఫైలుగా మెయిల్‌లో తెచ్చుకుని, విమానం దిగాక తీరిగ్గా ఎక్కించుకోవడం కుదరదు. దిగే డేటా మాత్రం చాలా తక్కువ, ఫోన్‌తో తీసిన ఒక ఫోటో అంత కూడా ఉండదు. కావలసింది వేగమైన ఇంటర్నెట్ కాదు, రెండు మూడు నిమిషాలు తెగకుండా ఉండే ఇంటర్నెట్.

కార్లలోనూ కరెంటు మీటర్లలోనూ పెట్టే ఈసిమ్‌లకు ఈ బాధ లేదు. వాటిలో ఫ్యాక్టరీలోనే ఒక ప్రారంభ ప్రొఫైల్ వేసి పంపుతారు. అసలు ప్రొఫైల్ తెచ్చుకునేంత డేటా మాత్రం దాని ద్వారా అందుతుంది. జేబులో తిరిగే మామూలు ఫోన్లకు ప్రయాణికుడి కోసం అలాంటి ఏర్పాటు సాధారణంగా ఉండదు. మొదటి ఇంటర్నెట్ ఫోన్ యజమానే ఎక్కడినుంచో తెచ్చుకోవాలి.

మరి ఇంట్లో వైఫై ఉండగానే ఆ పని ఎందుకు ముగించుకోరు? ఎక్కువమందిని ఆపేది గడువు భయం. ఏడు రోజుల ప్లాన్ కొన్నాం, హైదరాబాద్‌లోనే ఎక్కించేస్తే రెండు రోజులు ఇక్కడే కరిగిపోతాయి కదా అని. ఈ భయం చాలావరకు అక్కర్లేనిది. ఎందుకంటే ఇందులో రెండు వేరువేరు పనులున్నాయి. ప్రొఫైల్ ఫోన్‌లోకి దిగడం ఒకటి, ఆ ప్రొఫైల్ గమ్యదేశంలోని టవర్‌తో మొదటిసారి కలవడం మరొకటి. మొదటిదానికి ఇంటర్నెట్ కావాలి, ప్రపంచంలో ఎక్కడున్నా చేయవచ్చు. రెండోదానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, టవర్ సిగ్నల్ చాలు. అమ్మేవాళ్ళు రెంటినీ కలిపి యాక్టివేషన్ అనేయడంతో గందరగోళం పుడుతుంది.

చాలా ట్రావెల్ ప్లాన్లలో గడువు లెక్క రెండో పనితో మొదలవుతుంది. అంటే అమెరికా ప్లాన్‌ను విజయవాడలో ఎక్కించుకున్నా, అమెరికా నేల మీద టవర్ దొరికిన క్షణం నుంచే రోజులు లెక్కపెడతారు. అయితే అన్నీ ఒకేలా ఉండవు. ప్రొఫైల్ ఫోన్‌లోకి దిగగానే గడువు మొదలయ్యే ప్లాన్లూ ఉన్నాయి, కొన్న రోజు నుంచే లెక్కించేవీ ఉన్నాయి. కొనే పేజీలో గడువు ఎప్పటినుంచి అన్న ఒక్క వాక్యం చదివితే తేలిపోతుంది. ప్రొఫైల్ దిగడంతోనే గడువు మొదలయ్యే రకమైనా సరే, బయలుదేరే రోజు ఇంటి దగ్గర ఎక్కించుకుని ఒక రోజు పోగొట్టుకోవడమే మేలు. పరాయి ఊళ్ళో అర్ధరాత్రి ఫోన్ మూగబోవడం కంటే అది చౌక.

ఒక్క సందర్భంలో మాత్రం గడువు భయం నిజమే. ఆసియా ప్లాన్, గ్లోబల్ ప్లాన్ అని అమ్మేవాటిలో భారతదేశం కూడా జాబితాలో ఉంటే, ఇంట్లో ఎక్కించుకున్న వెంటనే ఆ సిమ్ ఇక్కడి టవర్‌నే పట్టుకుని గడువు మొదలుపెట్టేస్తుంది. అలాంటి ప్లాన్ అయితే ప్రొఫైల్ దిగాక సెట్టింగ్స్‌లో ఆ లైన్‌ను ఆఫ్ చేసి ఉంచాలి. లైన్ ఆఫ్ చేస్తే ప్రొఫైల్ ఎక్కడికీ పోదు, నిద్రపోతుంది అంతే. భారతదేశం జాబితాలో లేని ప్లాన్ అయితే ఇక్కడ ఉన్నంతసేపూ సిగ్నల్ లేనట్టే చూపిస్తుంది. దాన్ని చూసి కంగారుపడి సిమ్ పాడైందనుకోనక్కర్లేదు.

ఎలా బెడిసికొడుతుందో ఒక ప్రయాణం తీసుకుని చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఉండే తల్లిదండ్రులు దుబాయ్ మీదుగా డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళుతున్నారనుకుందాం. అక్కడి ఫ్యామిలీ ప్లాన్‌లో చేర్చడానికి కొడుక్కి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా ఉండాలని తండ్రి ఫోన్ కోసం ఏడు రోజుల, ఒక జీబీ అమెరికా ఈసిమ్ కొని క్యూఆర్ కోడ్‌ను వాట్సాప్‌లో పంపాడు. దిగగానే స్కాన్ చేయండి నాన్నా అని చెప్పాడు. ఆ సలహాలోనే నాలుగు ముళ్ళున్నాయి.

మొదటిది, కోడ్ ఉన్నది ఆ ఫోన్‌లోనే. తన తెర మీది బొమ్మను ఫోన్ కెమెరా తానే స్కాన్ చేయలేదు. తల్లి ఫోన్‌కు పంపి అక్కడినుంచి స్కాన్ చేద్దామంటే, పంపడానికీ ఇంటర్నెట్ కావాలి. రెండోది, వాట్సాప్‌లో ఆ బొమ్మను అంతకుముందు తెరిచి చూడకపోతే అది మసకగా, డౌన్‌లోడ్ కాకుండా ఉండిపోయే అవకాశం ఉంది. మూడోది, డాలస్‌లో విమానం దిగిన తర్వాత నేరుగా వెళ్ళేది ఇమిగ్రేషన్ వరుసలోకి. అక్కడ ఫోన్ వాడకూడదని గోడల మీద బోర్డులుంటాయి. లగేజీ తీసుకుని బయటపడేదాకా ఫోన్ సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టే చోటే దొరకదు. నాలుగోది, ఎక్కడ ఉంటారని అధికారి అడిగితే చెప్పాల్సిన కొడుకు చిరునామా కూడా ఆ వాట్సాప్‌లోనే ఉంది. ఈ చివరిది ఈసిమ్ సమస్య కాదు గానీ, ఈసిమ్‌ను నమ్ముకున్నవారికి తరచూ ఎదురయ్యేదే. చిరునామా కాగితం మీద ఉండాలి.

ఈ ప్రయాణంలో ప్రొఫైల్ దించుకోవడానికి అనువైన చోట్లు నిజానికి మూడున్నాయి. ఇంటి వైఫై అన్నిటికంటే మేలు. అది కుదరకపోతే శంషాబాద్‌లో విమానం ఎక్కే గేటు దగ్గర, భారతీయ సిమ్ డేటాతో. చాలా ఫోన్లు ఒక సిమ్ డేటాతో రెండో సిమ్ ప్రొఫైల్‌ను దించుకుంటాయి, ఒప్పుకోని ఫోన్ అయితే పక్కవారి ఫోన్ హాట్‌స్పాట్ చాలు. అదీ తప్పితే దుబాయ్‌లో విమానం మారేటప్పుడు అక్కడి ఎయిర్‌పోర్ట్ వైఫైతో. అమెరికా ప్లాన్ కనుక దుబాయ్‌లో ఎక్కించినా, గడువు అమెరికాలో మొదలయ్యే రకమైతే ఏడు రోజుల్లో ఒక్కటీ తరగదు. ఆ తర్వాత పదహారు గంటల ప్రయాణం. విమానంలోని వైఫై మీద ఆశ పెట్టుకోకూడదు. అది మాటిమాటికీ తెగవచ్చు, పైగా ఉచితంగా ఇచ్చే చాలాచోట్ల సందేశాలకు తప్ప మరి దేనికీ దారి ఇవ్వదు.

ఇవన్నీ దాటిపోయి డాలస్‌లో దిగాకే గుర్తొచ్చిందనుకుందాం. అప్పుడు మిగిలేది ఎయిర్‌పోర్ట్ వైఫై. దానితో పని జరగకపోతే కారణం ఎక్కువసార్లు ఒకటే: ఫోన్ వైఫైకి కలిసినట్టు గుర్తు చూపిస్తుంది, కానీ ఇంటర్నెట్ తెరుచుకోదు. బహిరంగ వైఫైలు ముందు ఒక పేజీ చూపించి, షరతులకు ఒప్పుకుంటున్నానని నొక్కించుకున్నాకే దారి వదులుతాయి. ఆ పేజీ దానంతటదే రావాలి. ఫోన్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉన్నా, ఆండ్రాయిడ్‌లో Private DNS ఏదైనా పెట్టుకుని ఉన్నా అది రాకుండా పోతుంది. అలాంటప్పుడు వాటిని ఆపి, బ్రౌజర్‌లో captive.apple.com అని కొట్టి చూడాలి. ఆపిల్ పేజీయే అయినా ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది. తెల్లటి పేజీ మీద Success అన్న మాట కనిపిస్తే ఇంటర్నెట్ నిజంగా ఉన్నట్టు. దాని బదులు ఎయిర్‌పోర్ట్ పేజీ వస్తే అదే నొక్కాల్సిన పేజీ. రెండూ రాకపోతే ఆ వైఫై పని చేయడం లేదు, క్యూఆర్ కోడ్‌ను ఎన్నిసార్లు స్కాన్ చేసినా లాభం లేదు.

కొన్ని దేశాల ఎయిర్‌పోర్టులు వైఫై ఇవ్వడానికి ఫోన్ నంబరు అడిగి ఓటీపీ పంపుతాయి. మన దేశానికి వచ్చే విదేశీయులకు ఇది బాగా తెలిసిన తలనొప్పి, ఎందుకంటే మన ఎయిర్‌పోర్టుల్లో ఇదే పద్ధతి. మనవాళ్ళు బయటికి వెళ్ళినప్పుడు అదే ముడి తిరగబడుతుంది. భారతీయ నంబరుకు అంతర్జాతీయ రోమింగ్ తెరిపించుకోకుండా బయలుదేరితే ఆ ఎస్ఎంఎస్ రాదు. వైఫై కావాలంటే ఓటీపీ, ఓటీపీ కావాలంటే రోమింగ్. అక్కడికక్కడ ఈసిమ్ కొందామనుకున్నవారికి ఇదే ముడి ఇంకో రూపంలో తగులుతుంది. కార్డుతో డబ్బు కట్టబోతే బ్యాంకు పంపే ఓటీపీ కూడా ఆ మూగ నంబరుకే పోతుంది. అందువల్ల డేటా కోసం ఈసిమ్ కొన్నా, ఎస్ఎంఎస్‌ల కోసమైనా భారతీయ సిమ్‌కు రోమింగ్ సదుపాయం పెట్టించుకుని వెళ్ళాలి. పెట్టించుకుని ఆ సిమ్‌కు డేటా రోమింగ్ మాత్రం ఆఫ్‌లో ఉంచాలి. ఈ రెండూ వేరు. మొదటిది కంపెనీ ఇచ్చేది, రెండోది ఫోన్ సెట్టింగ్స్‌లో మనం నొక్కేది.

వైఫై దొరకకపోతే ఇంకో మనిషి హాట్‌స్పాట్ చాలు. డాలస్ ఉదాహరణలో కొడుకు బయట గుమ్మం దగ్గరే నిలబడి ఉంటాడు. తన ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, తన తెర మీదే క్యూఆర్ కోడ్ చూపిస్తే తండ్రి ఫోన్ దాన్ని స్కాన్ చేసుకుంటుంది. రెండు చిక్కులూ ఒక్కసారే తీరిపోతాయి. ఒంటరిగా వెళ్ళేవారికి చివరి దారి భారతీయ సిమ్ మీద ఒక రోజు రోమింగ్ ప్యాక్. కావలసిన డేటా చిటికెడే కదా అని ప్యాక్ లేకుండా డేటా రోమింగ్ ఆన్ చేయడం మాత్రం ప్రమాదం. ఈసిమ్‌కు కావలసింది కొద్దిగానే, కానీ అదే క్షణంలో ఫోటోలు, యాప్ అప్‌డేట్లు, ఆగిపోయిన వీడియో సందేశాలు అన్నీ ఒక్కసారి దూకుతాయి.

కోడ్ స్కాన్ చేయలేని పరిస్థితికి విరుగుడు టైపు చేయడం. ఐఫోన్‌లో Add eSIM, తర్వాత Use QR Code నొక్కితే స్కాన్ తెర కింద Enter Details Manually అని కనిపిస్తుంది. అక్కడ SM-DP+ Address అన్న గడిలో సర్వర్ చిరునామా, Activation Code అన్న గడిలో చివరి కోడ్ విడివిడిగా రాయాలి. శామ్‌సంగ్‌లో Connections, SIM manager, Add eSIM వరుసలో వెళితే స్కాన్ చేసేచోటే కోడ్ టైపు చేసే వీలుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకు పైన చూపిన వాక్యం మొత్తాన్ని LPA దగ్గర మొదలుపెట్టి డాలర్ గుర్తులతో సహా ఒకే గడిలో రాయాలి. సున్నాకూ ఓ అక్షరానికీ, ఒకటికీ ఎల్ అక్షరానికీ తేడా చూసుకోవాలి. 17.4 గానీ తర్వాతి ఐఓఎస్ గానీ ఉన్న ఐఫోన్‌లో ఈ శ్రమ కూడా అక్కర్లేదు, తెర మీది క్యూఆర్ బొమ్మను కాసేపు నొక్కి పట్టుకుంటే ఈసిమ్ చేర్చమంటారా అని అదే అడుగుతుంది. ఏ పద్ధతైనా ఇంటర్నెట్ మాత్రం కావాల్సిందే. టైపు చేయడం వల్ల కెమెరా ఇబ్బంది పోతుంది గానీ, డౌన్‌లోడ్ తప్పదు.

సగంలో నెట్ తెగిపోతే ఏమవుతుందన్నది తర్వాతి ప్రశ్న. ఎయిర్‌పోర్ట్ వైఫైలో నడుస్తూ స్కాన్ చేసేవారికి ఇది మామూలే. సర్వర్ దగ్గర ప్రతి ప్రొఫైల్‌కూ ఒక స్థితి రాసి ఉంటుంది: ఇవ్వడానికి సిద్ధం, పంపాను, ఫోన్‌లో దిగింది అని. పంపాను అన్నచోట ఆగిపోయినా సర్వర్ ఆ చిప్పు ఈఐడీని గుర్తుపెట్టుకుంటుంది. అదే ఫోన్‌తో మళ్ళీ ప్రయత్నిస్తే మామూలుగా మళ్ళీ ఇస్తుంది. కంగారులో అదే కోడ్‌ను భార్య ఫోన్‌తో స్కాన్ చేసి చూస్తే మాత్రం, వేరే చిప్పు కనుక సర్వర్ కాదంటుంది. అదృష్టం ఇంకోలా ఉంటే ఆ ఫోన్‌లోనే దిగిపోతుంది, ఇక మొదటి ఫోన్‌కు రాదు. ఒక కోడ్‌ను ఒకే ఫోన్‌తో, ఒకే చోట కూర్చుని, ఫోన్ తెర ఆరిపోకుండా చూసుకుంటూ దించుకోవాలి.

ఇక్కడినుంచి జరిగే పొరపాటే అన్నిటికంటే ఖరీదైనది. నెట్ రావడం లేదని ఫోన్‌లో ఉన్న ఈసిమ్‌ను తీసేసి మళ్ళీ ఎక్కిద్దామనుకోవడం. మామూలు సిమ్ అయితే తీసి తుడిచి పెట్టడం మనకు అలవాటే, పోయేదేమీ లేదు. ఈసిమ్‌లో డిలీట్ అంటే ప్రొఫైల్ చెరిగిపోవడం. సర్వర్ దగ్గర ఆ కోడ్ అప్పటికే వాడేసినదిగా నమోదై ఉంటుంది కనుక మళ్ళీ స్కాన్ చేస్తే ఈ కోడ్ చెల్లదంటుంది. కొందరు అమ్మకందారులు అదే ఫోన్‌కు మళ్ళీ దించుకోనిస్తారు, చాలామంది ఇవ్వరు. కొత్త కోడ్ కోసం వారి సహాయ కేంద్రంతో చాట్ చేయాలి, చాట్‌కు ఇంటర్నెట్ కావాలి.

కాబట్టి దిగినచోట నెట్ రాకపోతే ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: ప్రొఫైల్ ఫోన్‌లో ఉందా లేదా? సెట్టింగ్స్‌లో సిమ్‌ల జాబితా తెరిస్తే తెలిసిపోతుంది. అక్కడ కొత్త లైన్ పేరు కనిపించకపోతే డౌన్‌లోడ్ జరగలేదు, పైన చెప్పిన వైఫై, హాట్‌స్పాట్ దారులు వెతకాలి. కనిపిస్తే డౌన్‌లోడ్ అయిపోయినట్టే, వైఫై కోసం పరుగెత్తనక్కర్లేదు, దాన్ని డిలీట్ చేయనే కూడదు. అప్పుడు చూడాల్సినవి వేరు.

వాటిలో మొదటిది డేటా రోమింగ్. విదేశంలో రోమింగ్ ఆన్ చేస్తే బిల్లు వాచిపోతుందని మనకు నూరిపోసి ఉంచారు, అందుకే ఈ బటన్ మీద చేయి వేయడానికి జంకుతారు. కానీ ట్రావెల్ ఈసిమ్‌లు చాలావరకు వేరే దేశపు కంపెనీ జారీ చేసినవి. డాలస్‌లో పనిచేసే ఈసిమ్ మూలం యూరప్‌లోనో హాంకాంగ్‌లోనో ఉండొచ్చు. అమెరికా టవర్ దృష్టిలో అది కూడా అతిథే. అందువల్ల ఆ ఈసిమ్ లైన్‌కు డేటా రోమింగ్ ఆన్ చేయకపోతే సిగ్నల్ గీతలు కనిపిస్తాయి గానీ పేజీలు తెరుచుకోవు. ప్రీపెయిడ్ ప్లాన్ కనుక అదనపు బిల్లు ఉండదు. ఆఫ్‌లో ఉంచాల్సింది భారతీయ సిమ్ లైన్‌కు మాత్రమే. రెండోది, మొబైల్ డేటా ఏ లైన్ మీద నడవాలో ఎంచుకునేచోట ఇంకా భారతీయ సిమ్ పేరే ఉండిపోవడం. ఈ రెండూ సరిచేసి, ఒకసారి ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీస్తే ఎక్కువమందికి నెట్ వచ్చేస్తుంది. అప్పటికీ రాకపోతే అమ్మినవారు మెయిల్‌లో ఇచ్చిన ఏపీఎన్ పేరు సరిగ్గా ఉందో లేదో చూడాలి. అదీ సరిగ్గానే ఉంటే నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్‌గా వదలకుండా, ప్లాన్‌లో పేర్కొన్న కంపెనీని చేత్తో ఎంచుకోవాలి.

కొన్ని సందర్భాల్లో ఇంటర్నెట్ ఉన్నా అమ్మకందారు పేజీయే తెరుచుకోదు. 2024 జనవరిలో భారత టెలికాం శాఖ, అనుమతి లేకుండా ఇక్కడ అంతర్జాతీయ ఈసిమ్‌లు అమ్ముతున్నాయని ఎయిరాలో, హోలాఫ్లై అనే రెండు విదేశీ సేవలను అడ్డుకుంది. వాటి యాప్‌లు ఆపిల్, గూగుల్ భారతీయ స్టోర్ల నుంచి పోయాయి. ఇక్కడినుంచి వెళ్ళేవారు ముందే ఎక్కించుకుందామన్నా అమ్మకందారును చూసి ఎంచుకోవాల్సిన పరిస్థితి అందువల్లే వచ్చింది. 2025 జులైలో తుర్కియే కూడా పలు విదేశీ ఈసిమ్ అమ్మకందారుల వెబ్‌సైట్లను దేశంలో తెరుచుకోకుండా చేసింది. ఇస్తాంబుల్‌లో దిగాక కొందామనుకున్నవారికి హోటల్ వైఫై ఎంత బాగున్నా కొనే పేజీ రాదు. బయలుదేరే ముందే ప్రొఫైల్ దించుకున్నవారికి ఈ అడ్డు తగలదు, ఎందుకంటే అడ్డుకున్నది అమ్మకాన్ని, ఫోన్‌లో అప్పటికే ఉన్న సిమ్‌ను కాదు.

ముందే ఎక్కించుకున్నా పనిచేయని ఫోన్లు కొన్ని ఉన్నాయి. విదేశంలో ఏదైనా కంపెనీ కాంట్రాక్టు మీద కొన్న, ఇంకా లాక్ తీయని ఫోన్ వేరే కంపెనీ ప్రొఫైల్‌ను ఒప్పుకోదు. అమెరికా నుంచి బంధువులు పంపిన పాత ఫోన్లలో ఇది అప్పుడప్పుడూ బయటపడుతుంది. ఇంకొకటి, ఇక్కడి నంబరును కూడా ఈసిమ్‌గా మార్చుకున్నవారి సంగతి. ఐఫోన్ 13, ఆ తర్వాతి ఐఫోన్లలో రెండు ఈసిమ్‌లు ఒకేసారి నడుస్తాయి. అంతకుముందు వాటిలో ప్రొఫైళ్ళు ఎన్ని దాచుకున్నా ఒకసారికి ఒక్క ఈసిమ్ మాత్రమే ఆన్‌లో ఉంటుంది. అప్పుడు ట్రావెల్ ఈసిమ్ ఆన్ చేస్తే ఇక్కడి నంబరు ఆగిపోతుంది, బ్యాంకు ఓటీపీలూ ఆగిపోతాయి. పాత ఐఫోన్ ఉన్నవారు ప్రయాణానికి ముందు ఇక్కడి నంబరును మళ్ళీ మామూలు కార్డుకు మార్పించుకుంటే మంచిది. కార్డు మారిన తర్వాత దాదాపు ఒక రోజు ఎస్ఎంఎస్‌లు నిలిపేస్తారు కనుక, ఆ పని విమానం ఎక్కే రోజున పెట్టుకోకూడదు.

ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు ఇంటి వైఫై మీద ప్రొఫైల్ దించుకుని, సిమ్‌ల జాబితాలో దాని పేరు కనిపిస్తోందో లేదో చూసుకోండి. సర్వర్ చిరునామా, కోడ్, ఏపీఎన్, వెళ్ళేచోటి చిరునామా ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టుకోండి. దిగాక చేయాల్సింది ఆ లైన్ ఆన్ చేసి, డేటాను దాని మీదికి మార్చి, దానికి డేటా రోమింగ్ ఆన్ చేయడం మాత్రమే. ఆ మూడింటికీ ఇంటర్నెట్ అక్కర్లేదు.